"సమానమైనా" అనే మాట ఉంచాలా, తీసేయాలా?

శ్రీలత: డిప్లొమా పిల్లలకి సి భాషలో ఇన్‌ఫిక్స్‌ని పోస్ట్‌ఫిక్స్‌గా మార్చే పాఠం తెలుగులో రాస్తున్నాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "స్టాక్ పైనున్న గుర్తు ప్రాధాన్యం కొత్త గుర్తు కంటే ఎక్కువైనా, సమానమైనా, పైదాన్ని తీసి అవుట్‌పుట్‌లో వేయాలి." చదవడానికి బరువుగా ఉంది. "సమానమైనా" ఎత్తేస్తే ఏమన్నా నష్టమా?

రమణ: ఎత్తేయండి. 2+3*4 వేసి చూడండి, 2 3 4 * + వస్తుంది. కూడిక కంటే గుణకారం పైదని తెలిస్తే చాలు.

నాగమణి: సమానం అంటే పిల్లలు = గుర్తు అనుకోరూ? అసలది స్టాక్‌లోకి వెళ్తుందా?

శ్రీలత: ఆ సమానం కాదండీ, రెండు గుర్తులదీ ఒకే స్థాయి అని.

సుబ్బారావు: రమణ గారి ఉదాహరణలో ఒకే స్థాయి గుర్తులు రెండు లేవు, అందుకే తేడా బయటపడలేదు. 8-3-2 తీసుకోండి. 8 బయటికి, మైనస్ స్టాక్‌లోకి, 3 బయటికి. ఇప్పుడు రెండో మైనస్ వచ్చింది. "సమానమైనా" ఉంటే మొదటి మైనస్ ఇక్కడే బయటికొచ్చేస్తుంది, చివరికి 8 3 - 2 - అవుతుంది, జవాబు 3. ఆ మాట లేకపోతే రెండు మైనస్‌లూ స్టాక్‌లోనే ఉండిపోయి 8 3 2 - - అవుతుంది. అంటే 8లోంచి 1 తీసినట్టు, జవాబు 7. కూడికలతో పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ దొరకదు, ఎటునుంచి కలిపినా మొత్తం ఒకటే కదా.

ఇమ్రాన్: నాది వేరే గోల. 12+3 ఇస్తే 5 వస్తోంది. ప్రాధాన్యం అంతా సరిగ్గానే రాశాను.

సుబ్బారావు: సంఖ్యల మధ్య ఖాళీ వదలట్లేదు మీరు. అవుట్‌పుట్ 123+ అయింది, లెక్కగట్టే ఫంక్షన్ ఒక్కో అంకెనీ విడిగా తీసుకుని 2, 3 కలిపింది. స్టాక్ అడుగున 1 మిగిలి ఉంటుంది చూడండి. లెక్క అయ్యాక స్టాక్‌లో ఒక్కటే మిగలాలి.

రమణ: సరే, మైనస్‌కి ఒప్పుకున్నా. కానీ ఘాతానికి ^ వాడితే? 2^3^2 అంటే 512 రావాలి. మీ "సమానమైనా"తో 64 వస్తుంది.

సుబ్బారావు: నిజమే, అక్కడ సమానమైతే తీయకూడదు. షరతు ఇలా ఉండాలి:

```c
while (top >= 0 && st[top] != '(' &&
       (prec(st[top]) > prec(c) ||
        (prec(st[top]) == prec(c) && c != '^')))
    out[k++] = st[top--];
st[++top] = c;
```

సిలో ^ అంటే ఘాతం కాదని, ఎక్స్‌ఆర్ అని పాఠంలో ఒక ముక్క రాయండి. లేకపోతే పిల్లలు నేరుగా `2^3` అని ప్రింట్ చేసి, 1 వచ్చిందేంటని అడుగుతారు.

శ్రీలత: అయితే వాక్యాన్ని విడగొడతాను. "పైనున్నది ఎక్కువైతే తీయాలి. సమానమైతే, ఎడమ నుంచి లెక్కగట్టే గుర్తులకి మాత్రమే తీయాలి."

రమణ: "ఎడమ నుంచి లెక్కగట్టే" అంటే మొత్తం సమీకరణాన్ని ఎడమ నుంచి చేయాలనుకుంటారండీ.

నాగమణి: సమీకరణం కాదు రమణ గారూ, అందులో = లేదుగా!