‘గట్టి మేలు’ కాదా? ‘గట్టి మేల్’ ఆ? (కరపత్రం కోసం అడుగుతున్నాను)

సుజాత, పెరంబూరు:
అందరికీ నమస్కారం. మా సంఘం కరపత్రం పైన గురజాడ వారి పాదం వేద్దామనుకుంటున్నాం. నాకు గుర్తున్నంతవరకు ‘వట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేలు తలపెట్టవోయ్’. పాడుతుంటే రెండో పాదం దగ్గర నాలుక తడబడుతోంది. ఎక్కడో ఒక అక్షరం తేడా ఉందని అనుమానం.

దాని కింద మా ఆశయం ఒక్క వాక్యంలో రావాలి. ఇప్పుడున్నది ఇది: ‘తెలుగు భాషా సంస్కృతుల పరిరక్షణ, యువత సాధికారత, సమాజ సమగ్ర వికాసాల దిశగా నిబద్ధతతో పనిచేసే వినూత్న వేదిక’. కొరుక్కుపేటలో ఒకరికి చదివి వినిపిస్తే ‘ఏ పార్టీ అమ్మా మీది?’ అని అడిగారు. చాలా బాధేసింది. వారం లోపల ప్రింటుకు ఇవ్వాలి.

రామశర్మ, మైలాపూరు:
‘మేల్’ అమ్మా, ‘మేలు’ కాదు. ముత్యాలసరం నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ‘గట్టి’ మూడు, ‘మేల్ తల’ నాలుగు. ‘మేలు తల’ అంటే ఐదవుతుంది. మీ నాలుక తడబడింది అక్కడే. పొల్లు హల్లుతో వేయండి.

కిరణ్, షోళింగనల్లూరు:
మాస్టారూ, మరి ‘వట్టి’ సంగతి? మా తాతగారి పుస్తకంలో ‘వొట్టి మాటలు’ అని ఉంది. విజయనగరం మాట అలాగే ఉండాలని గురజాడ వారు పట్టుబట్టి రాశారని నా అభిప్రాయం.

రామశర్మ, మైలాపూరు:
ఆ రోజుల్లో ‘వొక’, ‘వొట్టి’ అని రాయడం చాలామందికి అలవాటే. దాన్నిబట్టి పట్టుదల అనలేం. మాత్రలు ఎలాగూ మారవు.

కిరణ్, షోళింగనల్లూరు:
మాత్రలు మారవు సరే, మాట రంగు మారుతుంది కదా. మళ్లీ వస్తాను. సుజాతగారూ, ఇంతకీ ‘గట్టి’ అంటే బలమైన. కాబట్టి మీ వాక్యం కూడా బలంగా ఉండాలి. ‘ప్రపంచస్థాయి తెలుగు విద్యకు చెన్నై చిరునామా’ అని పెట్టి చూడండి.

వసంత, అంబత్తూరు:
కిరణ్, సగమే పట్టుకున్నావు. ఆ పాదాల్లో ‘గట్టి’కి జోడీ ‘వట్టి’. వట్టిది అంటే లోపల ఏమీ లేనిది. గట్టిది అంటే గింజ ఉన్నది. తూర్పారబడితే తాలు గాలికి పోతుంది, గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. నువ్వు ఇచ్చిన వాక్యంలో ‘ప్రపంచస్థాయి’ తాలు. మన స్థాయి తక్కువ అని ఎవరూ చెప్పుకోరు, కాబట్టి ఆ మాట ఉన్నా లేకపోయినా వినేవాళ్లకు తెలిసేదేమీ లేదు.

సుజాతా, మీ సంఘం పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి, ‘తెలుగు’ తీసేసి చదువు. నాటక సమాజం, బ్యాంకు, యువజన సంఘం, ఎవరైనా ‘ఇది మాదే’ అనవచ్చు. ఇంకొకటి చూడు. అంత పొడుగు వాక్యంలో ఉన్న క్రియ ఒక్కటే, ‘పనిచేసే’. మిగతావన్నీ పరిరక్షణ, సాధికారత, వికాసం. ఎవరు, ఎవరికి, ఏం చేస్తున్నారో చెప్పే క్రియలన్నీ నామవాచకాలై కూర్చున్నాయి. నేను ఇరవై ఏళ్లుగా స్వచ్ఛంద సంస్థలకు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. ఇలాంటిది వస్తే దాన్ని దిద్దను. ‘పోయిన ఆదివారం ఏం చేశారు?’ అని అడుగుతాను. నువ్వూ చెప్పు.

లలిత, పోరూరు:
‘వేదిక’ మాట వద్దు సుజాతా. నేను ఇంటి నుంచి క్యారియర్లు పంపుతాను. మొదట ‘సంప్రదాయ ఆంధ్ర రుచుల సమగ్ర వేదిక’ అని అచ్చు వేయించాను. నెల రోజులు కల్యాణ మండపం అద్దె ఎంత అని ఫోన్లు వచ్చాయి. తర్వాత ‘పోరూరు చుట్టుపక్కల ఇళ్లకు పదకొండున్నరలోపు ఆంధ్ర భోజనం క్యారియర్ పంపుతాం’ అని మార్చాను. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు పప్పు ఉందా అని అడుగుతున్నారు.

సుజాత, పెరంబూరు:
వసంతక్కా, పోయిన ఆదివారం కొరుక్కుపేటలో ఒకరి ఇంటి మేడ మీద 23 మంది పిల్లలు వచ్చారు. ముగ్గురం ఉన్నాం. పది నుంచి పన్నెండు దాకా. చిన్నవాళ్లతో గుణింతాలు రాయించాం, పెద్దవాళ్లు తలా ఒక పేజీ కథ చదివారు. వీళ్లందరూ ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో తమిళం, ఇంగ్లిషు. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక, మా వాడలో పిల్లలు తెలుగు అక్షరం చూసే చోటే తక్కువైంది. ఒక పాప అమ్మమ్మ పేరు తమిళ అక్షరాల్లో రాసింది, తెలుగులో రాయలేకపోయింది. ఎనిమిది నెలలు మానకుండా వస్తే చిన్న కథ సొంతంగా చదువుతారు. ఉచితం.

వసంత, అంబత్తూరు:
నీ వాక్యం ఇందులోనే ఉంది. ‘పరిరక్షణ’ అన్నది నువ్వు ‘నేర్పడం’ అని చెప్పావు. ‘యువత’ అన్నది ‘ఇంట్లో తెలుగు మాట్లాడే, చదవడం రాని పిల్లలు’ అయింది. ‘సాధికారత’ అన్నది ‘కథ సొంతంగా చదువుతారు’ అయింది. ‘సమాజ సమగ్ర వికాసం’ మాత్రం ఆదివారం ఎక్కడా జరగలేదు, దాన్ని వదిలెయ్.

కిరణ్, షోళింగనల్లూరు:
ఒప్పుకుంటున్నాను వసంతగారూ. అయితే ‘మేం తెలుగు నేర్పుతాం’ చాలు కదా? అంతకన్నా చిన్నది ఉండదు.

వసంత, అంబత్తూరు:
చిన్నదే, కానీ గట్టిది కాదు. అది చదివి తెలుగు సినిమాలంటే ఇష్టమున్న తమిళ కుర్రాళ్లు మాట్లాడటం నేర్చుకోవడానికి వస్తారు. తెలుగు మాట్లాడే పిల్లల తల్లి ‘మావాడికి వచ్చు కదా’ అని పంపదు. రావలసినవాళ్లు రారు. మాటలు తగ్గించడం ఒక పని, ఎవరికో ఏమిటో చెప్పడం ఇంకో పని.

మదురైలో 1976లో పదకొండు మంచాలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి ఆశయం చూడు. అక్కర్లేని గుడ్డితనాన్ని లేకుండా చేయడం. ఆ ‘అక్కర్లేని’ అనే మాటను పట్టుకో. గుడ్డితనం అంతా పోగొడతామని వాళ్లు అనలేదు. శుక్లం లాంటివి, ఆపరేషన్ చేస్తే పోయేవి ఉన్నాయి కదా, అవి మనిషికి ఉండనక్కర్లేదు అన్నారు. ఒక్క విశేషణంతో ఏది తమ పనో, ఏది కాదో చెప్పేశారు. సుజాత వాక్యంలో ఆ పని చేసేది ‘చదవడం రాని’.

రామశర్మ, మైలాపూరు:
గురజాడ వారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ ఊరి విశ్వవిద్యాలయానికే 1914లో ఆయన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. బడిలో రాయించే తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని ఆయన వాదం. మరుసటి ఏడాదే పోయారు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న మనిషి అంత శ్రమ పడ్డది ఎవరి కోసం? చదువుకునే పిల్లల కోసం. ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. ఆయన పాదం కింద ‘సమగ్ర వికాసాల దిశగా’ అని అచ్చు వేయకండి తల్లీ.

అయితే ‘పరిరక్షణ’ మీద వసంత అంత కోపం పడనక్కర్లేదు. మా తరానికి ఆ మాటలో ఒక బరువుంది. చందా ఇచ్చే పెద్దలు దానికోసమే ఇస్తారు.

వసంత, అంబత్తూరు:
కోపం లేదు మాస్టారూ. చందా అడిగే ఉత్తరంలో ఆ మాట రాయండి, కానీ ఈ వాక్యం తర్వాతే రాయండి. అలాగే సుజాతా, సంఘం రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న ఆశయాల జోలికి వెళ్లకు. 1975 చట్టం కింద రిజిస్టర్ చేసినవి కదా, మార్చాలంటే తీర్మానం, మళ్లీ నమోదు, పెద్ద తతంగం. అక్కడ విశాలంగానే ఉండాలి, రేపు గ్రంథాలయం పెట్టినా అందులో ఇమడాలి. మనం మారుస్తున్నది దారిన పోయే మనిషి చదివేది.

సుజాత, పెరంబూరు:
ఇలా రాశాను: ‘ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా చదవడం రాని కొరుక్కుపేట పిల్లలకు ప్రతి ఆదివారం రెండు గంటలు ఉచితంగా తెలుగు చదవడం, రాయడం నేర్పిస్తాం.’

మా కార్యదర్శిగారికి నచ్చలేదు. ఉగాది కవి సమ్మేళనం ఇందులో లేదంటున్నారు. ఏడాదికి ఒక్క రోజు అది, కానీ ఆయన ప్రాణం దాని మీదే.

రామశర్మ, మైలాపూరు:
‘నేర్పుతాం’ అనండి. ‘నేర్చు’కు ‘నేర్పు’ అప్పటికే ప్రేరణ. ‘నేర్పించు’ అంటే ఇంకొకరి చేత చెప్పించడం. మీరు ముగ్గురూ స్వయంగా చెబుతున్నారు.

కిరణ్, షోళింగనల్లూరు:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను మాస్టారూ. ‘మా అమ్మ నాకు వంట నేర్పించింది’ అంటే అమ్మ వేరే ఎవరినో పెట్టిందని ఎవరూ అనుకోరు. జనం మాటకు దగ్గరగా ఉండాలని ఇప్పుడే అన్నారు కదా.

రామశర్మ, మైలాపూరు:
జనం రెండూ అంటారు. కానీ కరపత్రంలో చేసేవాళ్లెవరో స్పష్టం కావాలన్నదే కదా ఇక్కడ చర్చ? ఆ ‘పి’తో మధ్యలో ఇంకో మనిషి నిలబడుతున్నాడు.

లలిత, పోరూరు:
రేపు జీతమిచ్చి టీచర్‌ను పెడితే?

రామశర్మ, మైలాపూరు:
అప్పుడు ‘నేర్పిస్తాం’.

వసంత, అంబత్తూరు:
పి ఉన్నా లేకున్నా అర్థమవుతుంది, ముందు తెలియనివాళ్ల దగ్గర పరీక్ష పెట్టు. ‘బాగుందా?’ అని అడగకు, అందరూ బాగుందంటారు. ఒక్కసారి చదివి కాగితం తీసేసి, ‘వీళ్లేం చేస్తారో నాకు చెప్పండి’ అను. వాళ్లు చెప్పినదాంట్లో ఏది జారిపోయిందో, ఏది కొత్తగా కలిసిందో రాసుకో. ముగ్గురో నలుగురో చాలు. ఉగాది సంగతి నీకే తెలియాలి. ఆ రోజు మీ పిల్లలే పద్యం చదివితే, అది ఆదివారాలకు కొనసాగింపే.

సుజాత, పెరంబూరు:
ఈ రోజు నలుగురిని అడిగాను. ఇస్త్రీ బండి ఆయన, ‘మన పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతారు, ఆదివారం, డబ్బులు అక్కర్లేదు’ అన్నారు. కిరాణా కొట్టు అమ్మ కూడా దాదాపు అదే. మందుల షాపు కుర్రాడు ‘రెండు గంటలకు మొదలవుతుంది’ అన్నాడు. అందుకని ‘ఉదయం పది నుంచి పన్నెండు దాకా’ అని మార్చాను. నాలుగో ఆవిడ ఇళ్లలో పనిచేస్తారు. మొత్తం సరిగ్గా చెప్పారు. చెప్పి, ‘నాకూ చదవడం రాదు, నేను రావచ్చా?’ అని అడిగారు.

నేను రమ్మన్నాను. ఇప్పుడు ‘పిల్లలకు’ అన్న మాట ఉంచాలా, తీయాలా? తీస్తే తల్లులు పిల్లల్ని పంపుతారా?

కిరణ్, షోళింగనల్లూరు:
‘పిల్లలకు, పెద్దలకు’ అంటే సరిపోదా? తాతగారి పుస్తకం దొరికింది, ‘వొట్టి’ అనే ఉంది. ఫొటో పెడుతున్నాను.

వసంత, అంబత్తూరు:
ఆగు కిరణ్. సుజాతా, ఆవిడ వచ్చే ఆదివారం ఏం చదవాలని వస్తారో ముందు అడుగు.