ఆమెకు నేనంటే ఇష్టమట, నమ్మొచ్చా?

కొత్తసిరా: "ఆమెకు నువ్వంటే ఇష్టంరా" అని ఇద్దరు కామన్ ఫ్రెండ్స్ వేర్వేరుగా చెప్పారు. ఆమె మాత్రం నాతో ఎప్పటిలాగే ఉంది. నమ్మొచ్చా?

పాతకాపు: నిప్పు లేనిదే పొగ రాదు. ఇద్దరు చెప్పాక ఇంకా ఆలోచనెందుకు?

నీలిగాజు: ఇద్దరూ ఆమె నోట విన్నారా, లేక రెండోవాడికి మొదటివాడే చెప్పాడా? అలాగైతే సాక్షి ఒక్కడే. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పమనండి. అంతకుముందు వాడేం అడిగాడో కూడా. "అతను ఎలాంటివాడు?" అంటే "మంచివాడే" అని ఎవరైనా అంటారు. అడక్కుండా తనే మీ మాట ఎత్తిందంటే ఆ బరువు వేరు.

పాతకాపు: ఇదేమన్నా కోర్టా? స్నేహితులు అబద్ధమెందుకు చెబుతారండీ?

నీలిగాజు: అబద్ధమని నేనన్లేదు. వాడు చూసింది నవ్వు. మీ దాకా వచ్చేసరికి అది సిగ్గు అవుతుంది.

మూడోబెంచి: నా గురించి ఇలా ఒక్కడూ చెప్పలేదు. అదృష్టవంతులు.

కొత్తసిరా: అడిగాను. రెండోవాడు మొదటివాడి దగ్గరే విన్నాడట. మొదటివాడేమో, "నువ్వు రాలేదేమని అడిగింది, ముఖం చూస్తేనే తెలిసిపోయింది" అంటున్నాడు.

నీలిగాజు: అంటే విన్నది "రాలేదేం?" అన్న ఒక్క మాట. మిగతాదంతా వాడు చదివిన ముఖం.

పాతకాపు: అడిగిందంటేనే ఇష్టం! నేనూ మీలాగే ఆరాలు తీస్తూ ఏడాది కూర్చున్నాను. ఆమె పెళ్లయ్యాక తెలిసింది, ఆ కబురు తనే పంపిందని. మీ జాగ్రత్తలు మీ దగ్గరే ఉంచుకోండి.

నీలిగాజు: మీకు ఆమె పంపింది. నేను ఎవరినీ పంపలేదు. ఒకతని గురించి ఫ్రెండ్స్‌తో "సాయం చేస్తాడు" అన్నాను, అంతే. ఒకరోజు అతను అందరి ముందూ వచ్చి అడిగేశాడు. కాదంటే, ఆశపెట్టి వదిలేసిందన్న పేరు నాకు. మీరు పోగొట్టుకున్నది అవకాశం. నేను మోసింది నింద.

అటూఇటూ: ఇంకో చిక్కుంది. కర్టిస్, మిల్లర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో ఒక ప్రయోగం చేశారు. ముక్కూముఖం తెలియనివాళ్లను మాట్లాడించి, కొందరికి "అవతలివాళ్లకు మీరు నచ్చారు" అని ఉత్తుత్తిగా చెప్పారు. అది నమ్మినవాళ్లు తర్వాత మనసు విప్పి మాట్లాడారు, దాంతో అవతలివాళ్లకు నిజంగానే ఎక్కువ నచ్చారు. కాబట్టి ఇక మీదట ఆమె చనువుగా ఉన్నా, ఆ కబురు ముందే నిజమని అర్థం కాదు.

పాతకాపు: చూశారా, నమ్మితేనే మంచిది!

అటూఇటూ: నేనన్నది అది కాదు మహాప్రభో.

కొత్తసిరా: అయితే అడగొద్దా?

నీలిగాజు: అడగండి, నలుగురిలో కాదు. "నీకు నేనంటే ఇష్టమట కదా" అని మాత్రం వద్దు, తను అనని మాటకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మీకు ఇష్టమైతే మీ మాటగా చెప్పండి.

పాతకాపు: ఆమే పంపి, ఎదురుచూస్తూ ఉంటే?

కొత్తసిరా: "నిన్ను తనే పంపిందా?" అని మొదటివాణ్ణి అడగనే లేదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.