ఆస్మోలార్ గ్యాప్ 3 మాత్రమే. మిథనాల్ కాదని వదిలేయవచ్చా?

రాత్రిడ్యూటీ_పీజీ: నిన్న సాయంత్రం ఏదో మద్యం తాగాడట, ఈ రాత్రి చూపు మసకబారిందని తీసుకొచ్చారు. పీహెచ్ 7.12, బైకార్బనేట్ 7, సోడియం 138, క్లోరైడ్ 102, గ్లూకోజ్ 126, యూరియా 36. లాక్టేట్ 3, కీటోన్లు లేవు. ల్యాబ్ ఇచ్చిన ఆస్మోలాలిటీ 299. నా లెక్కకు 296 వచ్చింది, అంటే గ్యాప్ 3. మిథనాల్ స్థాయి కొలిచే వీలు ఇక్కడ లేదు. ఈ గ్యాప్‌ను నమ్మి వేరే కారణం వెతకనా?

క్యాజువాల్టీ_పాతకాపు: పది లోపు ఉంటే సాధారణమే కదా. ఇథనాల్ మొదలుపెట్టి రోగిని మరింత మత్తులో ముంచడం ఎందుకు? సెప్సిస్ చూడండి.

బయోకెమ్_విజయనగరం: ముందు ఆ 296 ఎలా వచ్చిందో చూద్దాం. 276కు గ్లూకోజ్ వాటా 7 కలిపారు, సరే. ఆ తర్వాత యూరియాను 2.8తో భాగించినట్టున్నారు. ఆ 2.8 అమెరికా పుస్తకాల్లోది. అక్కడి ల్యాబులు యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే చెబుతాయి. మన రిపోర్టుల్లో ఎక్కువగా మొత్తం యూరియానే ఉంటుంది, దాన్ని 6తో భాగించాలి. 36ని ఆరుతో భాగిస్తే 6. మొత్తం 289, గ్యాప్ 10. కిడ్నీ దెబ్బతిని యూరియా 120 ఉన్న రోగిలో ఇదే పొరపాటు ఇరవైకి పైగా గ్యాప్‌ను మింగేస్తుంది.

క్యాజువాల్టీ_పాతకాపు: పది అయినా హద్దులోనే ఉంది కదండీ.

బయోకెమ్_విజయనగరం: ఎవరి హద్దు సార్? ఆరోగ్యవంతుల్లో గ్యాప్ మైనస్ 14 నుంచి ప్లస్ 10 వరకూ ఉండవచ్చు. ఇతని మామూలు గ్యాప్ మైనస్ 5 అనుకోండి, అప్పుడు పెరిగింది 15. అదంతా మిథనాల్ అయితే, 3.2తో గుణిస్తే డెసీలీటరుకు 48 మిల్లీగ్రాములు. మామూలు గ్యాప్ ప్లస్ 5 అయితే 16 మాత్రమే. చికిత్సకు సాధారణంగా చెప్పే గీత 20. ఒకే అంకె ఆ గీతకు రెండు వైపులా పడుతోంది.

అంతకంటే ముఖ్యం కాలం. గ్యాప్‌లో కనిపించేది మిథనాల్ మాత్రమే, అది విరిగి తయారయ్యే ఫార్మేట్ కాదు. ఫార్మేట్ బైకార్బనేట్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, దానికి జోడీ అయిన సోడియం మన లెక్కలో రెండింతలుగా ముందే చేరిపోయింది. అందుకే విషం ముదిరేకొద్దీ ఆస్మోలార్ గ్యాప్ దిగుతుంది, అనయాన్ గ్యాప్ ఎక్కుతుంది. ఇతనికి అనయాన్ గ్యాప్ 29. లాక్టేట్ 3 దాన్ని వివరించలేదు.

మంజీర_తీరం: మా ఊళ్లో కల్తీ కల్లు తాగి మత్తుగా పడిపోయినవాళ్లకు కూడా ఈ పరీక్ష పనికొస్తుందా?

బయోకెమ్_విజయనగరం: అక్కడ కలిపేది ఎక్కువగా ఆల్ప్రజోలం, డైజిపాం వంటివి. మత్తెక్కించే మోతాదు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది కాబట్టి గ్యాప్‌ను కదిలించలేదు. ఇది గ్రాముల లెక్కన రక్తంలో చేరే చిన్న అణువులను పట్టే పరీక్ష.

ల్యాబ్_టెక్నీషియన్: ఆ 299 ఏ యంత్రం ఇచ్చిందో ఎవరూ అడగలేదు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఆవిరి పీడనంతో కొలిచేది ఉండేది. నోటి నుంచి మద్యం వాసన గుప్పుమంటున్న రోగికి కూడా గ్యాప్ సున్నా చూపింది. ఆల్కహాల్ తానే ఆవిరవుతుంది కాబట్టి ఆ పద్ధతికి చిక్కదు. ఘనీభవన పద్ధతిదే కావాలి. అందులో సీరం గడ్డకట్టే స్థానం కంటే బాగా కిందికి చల్లబడినా ద్రవంగానే ఉంటుంది. అప్పుడు తీగ ఒక్క కుదుపు ఇస్తే స్ఫటికాలు పుట్టి, వాటి వేడికి ఉష్ణోగ్రత పైకెక్కి కాసేపు నిలుస్తుంది. ఆ నిలకడే రీడింగు. 299 అంటే సున్నాకు 0.556 డిగ్రీలు కింద. ఒక్క యూనిట్ అంటే డిగ్రీలో వెయ్యికి రెండు వంతులైనా లేదు. గాలి బుడగో ఫైబ్రిన్ పోగో ఉంటే కుదుపుకు ముందే గడ్డకడుతుంది. అందుకే 290 కంట్రోల్ పెట్టి, నమూనాను రెండుసార్లు చూస్తాం.

రాత్రిడ్యూటీ_పీజీ: మాది ఘనీభవన యంత్రమే. రెండోసారి 298 వచ్చింది. ఇథనాల్ స్థాయి ఇంకా రాలేదు.

బయోకెమ్_విజయనగరం: అది రావాలి. 46 మిల్లీగ్రాముల ఇథనాల్ ఉంటే ఈ పది మొత్తం దానిదే కావచ్చు. అయినా ఆసిడోసిస్‌కు జవాబు దొరకదు. చూపు మసక, పీహెచ్ 7.15 కంటే తక్కువ, అనయాన్ గ్యాప్ 24 కంటే ఎక్కువ: మిథనాల్ విషానికి డయాలిసిస్ చేయమని ఎక్స్‌ట్రిప్ బృందం చెప్పిన గుర్తుల్లో మూడు ఇక్కడున్నాయి. నెఫ్రాలజీని ఇప్పుడే లేపండి.

క్యాజువాల్టీ_పాతకాపు: అవి మిథనాల్ అని తేలిన రోగుల కోసం చెప్పిన గుర్తులు. ఇథనాల్ లెక్కలోనూ 4.6తో భాగించాలా, 3.7తోనా అని మీవాళ్లే తేల్చుకోలేదు. స్థాయి తెలియకుండా డయాలిసిస్‌కు నేను ఒప్పుకోను. బైకార్బనేట్, ఫోలినిక్ ఆసిడ్ ఇవ్వండి, కాదనను.

బయోకెమ్_విజయనగరం: స్థాయి వచ్చేసరికి కళ్లు మిగలకపోతే?

రాత్రిడ్యూటీ_పీజీ: నెఫ్రాలజీకి ఫోన్ చేశాను, వస్తున్నారు. రెండు గంటల తర్వాత మళ్లీ ఆస్మోలాలిటీ పంపుతాను. షుగర్ కోసం తీసిన గొట్టంలోంచే చూడవచ్చా?

ల్యాబ్_టెక్నీషియన్: వద్దు సార్. అందులోని ఫ్లోరైడ్, ఆక్సలేట్ లవణాలే రీడింగును బాగా పెంచేస్తాయి. మామూలు సీరం గొట్టంలో తీసి, మూత బిగించి, వెంటనే పంపండి.