‘దానంతట అదే పడుతుంది’ అంటే ఎవరు వేస్తున్నట్టు?

పెన్నా ఒడ్డు: ఒక వాక్యం గురించి అడగాలి. మా ఏజెన్సీలో సోషల్ మీడియా చూసే అతను మానేస్తూ నాకు హ్యాండోవర్ నోట్ రాసిచ్చాడు. అందులో ఇలా ఉంది: “షీట్‌లో స్టేటస్ Approved అని మారిస్తే పోస్టు దానంతట అదే పడుతుంది.” శుక్రవారం అతను వెళ్ళిపోయాడు. సోమవారం ఉదయం 9కి ఒక చీరల షాపు పోస్టు పడాలి, పడలేదు. 11 గంటలకు క్లయింటు ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. షీట్‌లో చూస్తే Approved అనే ఉంది.

తవ్వితే తేలిందేమిటంటే, మధ్యలో ఒక టూల్ పదిహేను నిమిషాలకోసారి షీట్ చదివి, Approved అని ఉన్న వరుసలోంచి రాతనీ ఫొటో లింకునీ తీసుకుని క్లయింటు ఫేస్‌బుక్ పేజీలో వేస్తుంది. వేసేది అతని లాగిన్ మీద. శుక్రవారం సాయంత్రం అతన్ని పేజీలోంచి తీసేశారు, దాంతో టూల్‌కి ఉన్న అనుమతీ పోయింది. ఫెయిలైందని మెయిల్ వెళ్ళింది, కానీ మూసేసిన అతని ఆఫీసు మెయిల్‌కి. నోట్‌లో అబద్ధం లేదు. మరి తప్పు ఆ ‘పడుతుంది’లో ఉందా?

మామిడితాండ్ర: హ్యాండోవర్ అనడం ఎందుకండీ, ‘అప్పగింతలు’ అని బంగారంలాంటి మాట ఉండగా? మా అమ్మాయి పెళ్ళిలో పాలలో చేతులు ముంచి అప్పగింతలు పెడుతుంటే మావారు ఏడ్చేశారు.

పెన్నా ఒడ్డు: మాట బాగుందండీ, కానీ నేనడిగింది అది కాదు :)

కలంకారి: ‘పడుతుంది’ కర్మణి ప్రయోగం. ఇంగ్లిష్ చదువుల వల్ల వచ్చిన జబ్బు. చేసేవాణ్ణి దాచడానికే పుట్టింది. ‘చేయబడును’లో ‘బడు’ కూడా ఇదే కదా.

పాత తెలుగు మాస్టారు: ‘బడు’ ‘పడు’ లోంచే వచ్చిందన్నది నిజం. మిగతాది ఒప్పుకోను. ‘ఆమోదించబడింది’కి ముందు ‘కమిటీ చేత’ అని చేర్చగలం. ‘ఓటు పడింది’కి ముందు ‘నా చేత’ అని చేర్చి చూడండి, నోరు తిరగదు. ఇది కర్మణి కాదు. ‘వేయు’కి జంటగా మనవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్న క్రియ. తాళం వేశారు, తాళం పడింది. ముద్ర వేశారు, ముద్ర పడింది. మొదటిదాంట్లో మనిషి ఉంటాడు, రెండోదాంట్లో జరిగిన పని మాత్రమే ఉంటుంది. దాచాలని కాదు, ఆ వాక్యంలో అతనికి చోటే లేదు. దానికి తోడు ‘దానంతట అదే’ అన్నాడు మీ అతను. ఇంక చెయ్యి ఎవరిదని ఎవరడుగుతారు?

రిటైర్డ్ గుమస్తా: మాకు ఒకటో తారీఖున పెన్షన్ పడుతుంది. ఎవరు వేస్తున్నారో ఇన్నేళ్ళలో అడగలేదు. ఒక నెల పడలేదు, అప్పుడు తిరిగాను ట్రెజరీ చుట్టూ.

పెన్నా ఒడ్డు: గుమస్తా గారూ, సరిగ్గా నా పరిస్థితి అదే.

కలంకారి: సరే, కర్మణి కాదు. అయినా నోట్‌లో “టూల్ వేస్తుంది” అని రాసుంటే ఈ గొడవ వచ్చేది కాదుగా?

రాత్రి షిఫ్టు: వచ్చేది. నేనూ ఇదే పనిలో ఉన్నాను. “టూల్ వేస్తుంది” అన్నా ఎవరి లాగిన్ మీద అనేది రాదు. మా దగ్గర వెళ్ళేవాడు ఇంకా ఆఫీసులో ఉండగానే, ఉండేవాడి లాగిన్‌తో కనెక్షన్ మళ్ళీ కలిపి, ఒక ప్రయివేటు టెస్ట్ పేజీలో పోస్టు వేయించి చూస్తాం. ఫెయిల్ మెయిల్స్ ఇద్దరికి వెళ్ళేలా పెడతాం. ఆ తర్వాతే పాత మనిషిని తీస్తాం. ఆ వరస తప్పితే నోట్ ఎంత మంచి తెలుగులో ఉన్నా ఒకటే.

పెన్నా ఒడ్డు: ఇంకో సంగతి. నా పేరు మీద టూల్‌లో కొత్త ఖాతా తెరిచి అంతా కలిపాను. మర్నాడు 9 గంటల పోస్టు మధ్యాహ్నం 2:30కి పడింది. కొత్త ఖాతాలో టైమ్‌జోన్ UTC అని ఉంది. షీట్‌లోని 9ని అది అక్కడి 9 అనుకుంది, మనకి ఐదున్నర గంటలు ఆలస్యం. ‘శుభోదయం’ అని రాసిన పోస్టు అది. నోట్‌లో “9కి పడుతుంది” అనే ఉంది.

పాత తెలుగు మాస్టారు: ఎవరి తొమ్మిది అన్నది కూడా లేదన్నమాట!

పెన్నా ఒడ్డు: వాక్యాన్ని ఇలా మార్చాను, చూడండి: “స్టేటస్ Approved అని మారిస్తే, టూల్ పావుగంటలోపు చదువుకుని, మన దేశపు టైము ప్రకారం, నా లాగిన్ మీద పోస్టు వేస్తుంది. నేను మానేస్తే ముందు లాగిన్ మార్చండి.”

మామిడితాండ్ర: ఇప్పుడిది అప్పగింతలా ఉంది.

కలంకారి: “లాగిన్ మీద” ఏమిటండీ? “లాగిన్‌తో” అనాలి.

రాత్రి షిఫ్టు: మేమంతా ‘మీద’ అనే అంటాం. ‘నా పేరు మీద’ లాగా.

పాత తెలుగు మాస్టారు: రెండూ వినిపిస్తున్నాయి. దీనికి నన్ను తీర్పు అడక్కండి.