సీఆర్‌ఎం నుంచి ట్యాలీకి పంపితే ఏప్రిల్ 1 బిల్లులు మార్చి 31లో పడుతున్నాయి: తేదీ, మొత్తం, ఫోన్ నంబరు మార్పిడిపై మీ అనుభవాలు చెప్పండి

పంపుసెట్ల_కొట్టు
అందరికీ నమస్కారం. విజయవాడలో పంపుసెట్లు, వాటి విడిభాగాలు అమ్మే సంస్థలో కంప్యూటర్ వ్యవహారాలన్నీ నేనే చూస్తాను. అమ్మకాల వాళ్లు సీఆర్‌ఎంలో డీల్ ముగించగానే దాని వివరాలను ప్రతి రాత్రి ఒక పైథాన్ స్క్రిప్టు తీసుకుని, ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, 9000 పోర్టు ద్వారా ట్యాలీప్రైమ్‌కు పంపుతుంది. ఏడాదిగా ఇబ్బంది లేదనుకున్నాను. ఏప్రిల్ 9న మా అకౌంటెంట్ గారు మార్చి లెక్క సరిచూస్తుండగా, ఏప్రిల్ 1 తేదీతో ఉండవలసిన 14 బిల్లులు మార్చి 31 కింద కనిపించాయి. మార్చి జీఎస్‌టీఆర్-1 దాఖలుకు 11వ తేదీ గడువు కాబట్టి అప్పటికప్పుడు చేత్తో దిద్దుకున్నాము. కారణం మాత్రం అంతుపట్టలేదు. ఇవి కాక కొన్ని వోచర్లను మొత్తాలు సరిపోవడం లేదంటూ ట్యాలీ తిప్పికొడుతోంది. ఫోన్ నంబర్లలో కొన్ని ఎనిమిది అంకెలకు కుదించుకుపోయాయి. మూడింటికీ మూలం ఒకటేనా, వేర్వేరా?

గోదారి_కోడర్
తేదీల సంగతి సులభమండీ. సీఆర్‌ఎం సమయాన్ని యూటీసీలో ఇస్తుంది, మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నాము. వచ్చిన ప్రతి సమయానికీ అయిదున్నర గంటలు కలిపి, ఆ తరువాత తేదీని కత్తిరించుకోండి. మా దగ్గర అలాగే నడుస్తోంది.

పాతలెక్కల_మనిషి
గోదారి_కోడర్ గారు చెప్పిన కారణం సరైనదే, మందుతోనే చిక్కు. అన్ని ఫీల్డులూ యూటీసీలో వస్తాయన్న హామీ ఎక్కడా లేదు. ఒక ఫీల్డులో `2025-04-01T20:10:00+05:30` అని వచ్చిందనుకోండి, అది ఇప్పటికే మన సమయం. దానికి మళ్లీ అయిదున్నర గంటలు కలిపితే బిల్లు ఏప్రిల్ 2కు పోతుంది. సాయంత్రం ఆరున్నర దాటిన తరువాతి డీల్స్‌లోనే ఈ తప్పు బయటపడుతుంది కనుక, పగటి డీల్స్‌తో పరీక్షించిన వాళ్లకు ఎన్నటికీ కనిపించదు.

పంపుసెట్ల_కొట్టు గారూ, ఆ 14 బిల్లులకు సీఆర్‌ఎం నుంచి వచ్చిన అసలు విలువలను, స్క్రిప్టు ముట్టుకోకముందు ఎలా ఉన్నాయో అలాగే ఇక్కడ పెట్టగలరా? తేదీ కన్నా దాని పక్కనున్న గంటలూ నిమిషాలే నాకు ముఖ్యం.

పంపుసెట్ల_కొట్టు
ఇప్పుడే లాగ్ తెరిచి చూశాను. 12 బిల్లులకు ఒకటే విలువ ఉంది: `2025-03-31T18:30:00.000Z`. పదమూడవది `2025-03-31T19:15:00.000Z`, చివరిది `2025-03-31T14:40:00.000Z`. నా స్క్రిప్టు మొదటి పది అక్షరాలను తీసుకుని మధ్యలోని గీతలను తొలగిస్తుంది, అంతే. పన్నెండు మంది ఒకే నిమిషంలో డీల్ ఎలా ముగించారో నాకు అర్థం కావడం లేదు.

పాతలెక్కల_మనిషి
వాళ్లెవరూ ఆ నిమిషంలో ముగించలేదు. 18:30 అనేది మన దేశంలో ఈ లోపానికి వేలిముద్ర వంటిది. ఫారంలో ఎవరో క్యాలెండర్‌పై ఏప్రిల్ 1ని నొక్కారు. బ్రౌజర్ దానిని ఏప్రిల్ 1 అర్ధరాత్రి, భారత సమయంగా తీసుకుంది. నిల్వ చేసేటప్పుడు యూటీసీకి మార్చడంతో అయిదున్నర గంటలు వెనక్కి జరిగి మార్చి 31, 18:30 అయింది. నిజానికి ఆ విలువలో సమయమే లేదు. అది ఉత్త తేదీ, దానికి సమయం వేషం వేశారు. మీ దగ్గర ఇది ఏడాది పొడవునా జరుగుతూనే ఉండి ఉంటుంది. మామూలు రోజుల్లో ఒక రోజు తేడాను ఎవరూ పట్టించుకోరు, ఆర్థిక సంవత్సరం మారే రాత్రి మాత్రమే అది కంట్లో పడుతుంది. పాత నెలల చివరి రోజులను కూడా ఒకసారి చూసుకోండి.

పదమూడవది నిజమైన సమయమే. ఎవరో అర్ధరాత్రి దాటి 12:45కు ముగించారు, కాబట్టి అదీ ఏప్రిల్ 1కే చెందుతుంది. పద్నాలుగవది మన సమయంలో మార్చి 31 రాత్రి 8:10 అవుతుంది. దానికి మార్చి 31 పడడం మార్పిడి దోషం కాదు.

గంటలు చేత్తో కలపకుండా, విలువలోనే ఉన్న ఆఫ్‌సెట్‌ను చదివించి, మన టైమ్‌జోన్‌లోకి మార్చి, చివరన ట్యాలీ కోరే ఎనిమిది అంకెల రూపంలోకి తేవాలి.

```python
from datetime import datetime
from zoneinfo import ZoneInfo

IST = ZoneInfo("Asia/Kolkata")

def tally_date(s):
    if len(s) == 10:              # 2025-04-01
        return s.replace("-", "")
    d = datetime.fromisoformat(s.replace("Z", "+00:00"))
    if d.tzinfo is None:
        raise ValueError("no offset: " + s)
    return d.astimezone(IST).strftime("%Y%m%d")
```

ఆఫ్‌సెట్ లేని విలువ వస్తే ఊహించకుండా ఆగిపోవాలని కావాలనే రాశాను. ట్యాలీ ఉన్న విండోస్ యంత్రంలోనే స్క్రిప్టు నడుపుతుంటే టైమ్‌జోన్ దొరకలేదన్న లోపం రావచ్చు. `pip install tzdata` చేస్తే సరిపోతుంది.

మిర్చియార్డు_గుమస్తా
మాదీ ఇదే బాధ. మా కంపెనీలో తేదీలు 03/04/2025 అని వస్తాయి, కొన్ని మార్చి 4గా, కొన్ని ఏప్రిల్ 3గా మారిపోతాయి. యూటీసీ గొడవ మాకు లేదనుకుంటాను, మేము సీఎస్‌వీ దింపుకుని ఎక్సెల్‌లో తెరిచి సరిచేసి ఎక్కిస్తాము.

పాతలెక్కల_మనిషి
మీది వేరే జబ్బు అండీ. మీ ఎక్సెల్ అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతోంది. 12 లోపు రోజులను తారుమారు చేసి తేదీగా మార్చేస్తుంది. 13 నుంచి పై రోజులను అలాంటి నెల లేదు కనుక అక్షరాలుగానే వదిలేస్తుంది. గడిలో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు ఆనుకుని ఉంటే ఇదే కారణం. ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూ ద్వారా దిగుమతి చేసుకుంటూ ఆ తేదీల నిలువు వరుస రోజు-నెల-సంవత్సరం పద్ధతిలో ఉందని చెప్పండి. ఒకసారి తారుమారై భద్రమైన ఫైలును మాత్రం నమ్మవద్దు, మళ్లీ సీఆర్‌ఎం నుంచే దింపుకోండి.

పద్దుల_పద్మ
నేను అకౌంట్స్ వైపు మనిషిని. ఆ పద్నాలుగవ బిల్లును మీ అకౌంటెంట్ గారు ఏప్రిల్ 1కి మార్చారంటే, బహుశా డీల్ ముగిసింది మార్చి 31న, బిల్లు కోసింది మరుసటి రోజున అయి ఉంటుంది. మీరు డీల్ ముగిసిన తేదీని వోచర్ తేదీగా పంపుతున్నారు. టైమ్‌జోన్ ఎంత చక్కగా దిద్దుకున్నా ఆ ఫీల్డు మా లెక్కకు పనికిరాదు. సీఆర్‌ఎంలో బిల్లు తేదీకి విడిగా ఒక ఫీల్డు పెట్టించండి, అది సమయం లేని ఉత్త తేదీగానే ఉండాలి.

తిరిగివచ్చే వోచర్లలో ఒకదాని అంకెలు చెప్పండి.

పంపుసెట్ల_కొట్టు
మీరన్నది నిజమే, ఆ బిల్లు మరుసటి రోజే కోశారు. వోచర్ వివరాలు ఇవి. సరుకు విలువ రూ.1,25,499.50. పన్ను 18 శాతం. సీఆర్‌ఎం చూపే మొత్తం రూ.1,48,089.41. సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీలను స్క్రిప్టే లెక్కగట్టి విడివిడిగా పంపుతుంది.

పద్దుల_పద్మ
దొరికింది. 18 శాతాన్ని ఒకేసారి లెక్కగడితే 22,589.91 వస్తుంది. సీఆర్‌ఎం చేసింది అదే. తొమ్మిది శాతం చొప్పున రెండుసార్లు లెక్కగడితే ఒక్కొక్కటి 11,294.955. పైసలకు సవరిస్తే 11,294.96, రెండూ కలిపితే 22,589.92. మీ భాగాల మొత్తం 1,48,089.42, పార్టీ లెడ్జర్‌కు పంపిన మొత్తం 1,48,089.41. ఒక్క పైసా తేడా. ట్యాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్‌కు మైనస్, క్రెడిట్‌కు ప్లస్ ఉండి, అన్నీ కలిపితే సున్నా రావాలి. ఇక్కడ 0.01 మిగిలింది కనుక వోచర్‌ను తిప్పికొట్టింది.

రెండు పన్నులలో ఒకదానిని పైసా తగ్గించి సరిపెట్టే వాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. రెండూ సమానంగా ఉండాలి. మిగిలిన తేడాను రౌండ్ ఆఫ్ లెడ్జర్‌కు పంపండి. తేడా రూపాయి లోపు ఉంటేనే అలా చేసి, మించితే ఆపి మనిషికి చూపించేలా స్క్రిప్టు రాసుకోండి. లేకపోతే రేపు సరుకు పద్దు ఒకటి జారిపోయినా ఆ లెడ్జర్ నోరు మూసుకుని మింగేస్తుంది.

గోదారి_కోడర్
సీజీఎస్‌టీ చట్టం సెక్షన్ 170 ప్రకారం పన్నును దగ్గరి రూపాయికి సవరించాలి కదా, అప్పుడు పైసల గొడవే ఉండదు.

పద్దుల_పద్మ
ఆ సెక్షన్ చెల్లించవలసిన పన్ను గురించి చెబుతుంది. దానిని ప్రతి బిల్లులోని ప్రతి పన్ను వరుసకూ వర్తింపజేయాలా అన్నదానిపై మా వాళ్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. నేను పని చేసిన రెండు చోట్ల పైసలు ఉంచి, బిల్లు మొత్తాన్ని మాత్రమే రూపాయికి సవరించేవారు. మీ ఆడిటర్ మాటే పాటించండి.

డాలస్_బాబాయి
మా మేనల్లుడి కొట్టుకు అమెరికా నుంచి ఇలాంటి స్క్రిప్టే చూసి పెడుతుంటాను. మొత్తాల సంగతిలో ఇంకొకటి. 1,500 డాలర్ల ఎగుమతి డీల్ ఒకటి పుస్తకాలలో రూ.1,500గా ఎక్కింది. సీఆర్‌ఎంలో అంకె ఒక ఫీల్డులో, కరెన్సీ కోడ్ మరో ఫీల్డులో ఉంటాయి, నేను రెండోదాన్ని తీసుకోవడం మరిచాను. లోపం ఎక్కడా చూపలేదు, అంకె సక్రమంగానే ఉంది కదా!

ఫోన్ల విషయానికి వస్తే, ఎనిమిది అంకెలు మిగిలాయంటే, మొదటి రెండు అంకెలు 91 అయితే తీసేయమని స్క్రిప్టులో ఉండి ఉండాలి. పది అంకెల మొబైల్ నంబరే 91తో మొదలైతే దాని తలకాయ ఎగిరిపోతుంది. అంకెలు మొత్తం 12 ఉన్నప్పుడే ముందున్న 91ని దేశ కోడ్‌గా చూడాలి.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదమూ ఉంది. మా ఊరి ఏరియా కోడ్ 972. ఎవరైనా ముందు 1 వేయకుండా 972 555 0123 అని రాసుకుంటే, పది అంకెలు, మొదటిది 9, చూడడానికి అచ్చం ఇండియా మొబైల్. స్క్రిప్టు దానికి +91 తగిలించి పంపేస్తుంది. నంబరును మాత్రమే చూసి దీనిని పట్టుకునే దారి లేదు, చిరునామాలోని దేశాన్ని కూడా చూడవలసిందే.

మిర్చియార్డు_గుమస్తా
మా ఫైలులో నంబర్లన్నీ 9.19E+11 అని కనిపిస్తున్నాయి. వాటిని ఎలా తిప్పుకోవాలి?

డాలస్_బాబాయి
ఎక్సెల్‌లో అలా కనిపించినంత వరకు గడి లోపల పూర్తి నంబరు ఉంటుంది, గడి రూపం మార్చితే బయటికి వస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా భద్రపరిచి మూసేస్తే మాత్రం కనిపించినదే ఫైలులోకి వెళుతుంది, మిగతా అంకెలు పోయినట్లే. ల్యాండ్‌లైన్ ముందున్న సున్నా కూడా ఇలాగే పోతుంది. 0866తో మొదలయ్యే నంబరు 866తో మొదలై, పది అంకెల మొబైల్ లాగా కనిపిస్తుంది.

గోదారి_కోడర్
ఫోన్ నంబరునే తాళం చెవిగా పెట్టి సీఆర్‌ఎం కస్టమర్‌ను ట్యాలీ లెడ్జర్‌తో జతపరిస్తే ఎలా ఉంటుంది?

పాతలెక్కల_మనిషి
వద్దు. ఒకే గుమస్తా నంబరు మూడు దుకాణాలకు ఉంటుంది. సీఆర్‌ఎం ఐడీని లెడ్జర్‌కు ఏలియాస్‌గా పెట్టుకోండి, నంబరును సమాచారంగా మాత్రమే పంపండి. ఇంకొక మాట. ట్యాలీ నుంచి హెచ్‌టీటీపీ 200 వచ్చినంత మాత్రాన వోచర్ ఎక్కినట్లు కాదు. జవాబులో `<CREATED>`, `<ERRORS>` అంకెలను చదివి, లోపం ఉన్నవాటిని విడిగా దాచుకోండి.

పంపుసెట్ల_కొట్టు
వారం తరువాత తిరిగి వచ్చాను. పాత లాగ్‌లో 18:30 కోసం వెతికితే ఏడాది మొత్తంలో నెలాఖరు దాటిన బిల్లులు మరో తొమ్మిది దొరికాయి. అవి దాఖలైపోయిన నెలలవి కావడంతో ఆడిటర్ గారి ముందు పెట్టాను. బిల్లు తేదీకి కొత్త ఫీల్డు వచ్చింది, పైసా తేడాలు రౌండ్ ఆఫ్‌కు వెళుతున్నాయి. ఒక చిక్కు మిగిలింది. కస్టమర్ చేతిలోని బిల్లును సీఆర్‌ఎం ముద్రిస్తుంది, అందులో పన్ను 22,589.91 అని ఉంటుంది, ట్యాలీలో 22,589.92. పద్మ గారూ, బిల్లును ట్యాలీ నుంచే ముద్రించమంటారా?

పద్దుల_పద్మ
అవును, నా ఓటు దానికే. మీ అమ్మకాల వాళ్లు ఒప్పుకుంటారా అన్నది మీరే చెప్పాలి.

పంపుసెట్ల_కొట్టు
అడిగాను. కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడే బిల్లు చేతికి ఇవ్వాలి, రాత్రి దాకా ఆగలేము అంటున్నారు.