1080pని 1440pకి పెంచి అప్‌లోడ్ చేస్తే బతుకమ్మ వీడియో బురదలా కనపడకుండా ఉంటుందా?

మా వాడలో బతుకమ్మ ఆట ఫోన్‌తో 1080p, 30 ఫ్రేమ్‌లలో తీశాను. నిడివి 4 నిమిషాలు. కంప్యూటర్‌లో చూస్తే తంగేడు పూలు రేకు రేకూ కనిపిస్తోంది. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేశాక మాత్రం ఆడవాళ్లు చుట్టూ తిరిగేటప్పుడు పూలన్నీ కలిసిపోయి పసుపు ముద్దలా ఉన్నాయి.

మొదటిసారి ఎడిటర్ 25 ఫ్రేమ్‌లకు మార్చేసిందని చూసుకోలేదు, కెమెరా తిప్పిన చోటల్లా కుదుపులు వచ్చాయి. 30కి మారిస్తే అది పోయింది. బిట్‌రేట్ 8 Mbps నుంచి 40కి పెంచాను. ఫైల్ 240 MB నుంచి 1.2 GB అయింది, నా రోజువారీ డేటా దాదాపు ఖాళీ! అయినా పూలు అలాగే ఉన్నాయి. హెచ్‌డీ ప్రాసెసింగ్ పూర్తవ్వాలేమోనని తెల్లారేదాకా ఆగాను, తేడా లేదు.

ప్లేయర్‌లో వివరాలు చూస్తే నా వీడియోకి కోడెక్ avc1 అని ఉంది. ఫ్రెండ్ పెట్టిన 4K వీడియోకి vp09 అని ఉంది. అసలు తేడా ఇక్కడేనా? 1440pకి పెంచి 24 Mbpsలో ఎక్స్‌పోర్ట్ చేస్తే నాకూ vp09 వస్తుందా? కొత్త వివరాలు పుట్టవని తెలుసు, ఉన్నవి నిలబడితే చాలు. ఇలా చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.