అప్‌డేట్: అక్క కూతురి గార్డియన్‌షిప్ కేసు తేలింది

నా ప్రశ్న: "అక్క పోయాక పాపను నేనే పెంచుతున్నాను. ఇప్పుడు బావగారు ఇవ్వమంటున్నారు. దత్తతా, గార్డియన్‌షిప్పా, ఏది అడగాలి?"

గార్డియన్‌షిప్ అడిగాను, వచ్చింది. దత్తత అయితే తండ్రితో చట్టపరమైన బంధమే తెగిపోతుంది, ఆయన ఒప్పుకోకుండా అది చాలా కష్టమని లాయర్‌గారు అటు వెళ్ళనివ్వలేదు.

బావగారి జీతం నాకంటే చాలా ఎక్కువ. నా టెన్షనంతా అదే. జడ్జిగారు మాత్రం పాప ఆస్తమా గురించి అడిగారు. ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో బావగారు చెప్పలేకపోయారు. నేను డాక్టర్ చీటీలు తేదీలవారీగా చూపించాను. తర్వాత జడ్జిగారు తొమ్మిదేళ్ల పాపతో విడిగా మాట్లాడారు. "పిన్ని దగ్గరే ఉంటా, నాన్న కూడా వస్తుండాలి" అందట. పాప ఇష్టమొక్కటే చాలదు కానీ, దానికీ విలువిచ్చారు. బావగారు వారానికోసారి వచ్చి పాపను చూడొచ్చన్నారు, అదీ న్యాయమే. పరిస్థితులు మారితే ఆర్డర్‌ను మార్చమని మా ఇద్దరిలో ఎవరైనా అడగవచ్చు.